‘మొరీ’ అంటే ఎప్పుడు పోయినట్టు?

ప్రశ్న: “పస్సాతో రెమోతో అనే భూతకాల రూపం పుస్తకాల్లోనే ఉంటుంది, మాటల్లో వాడరు అని మా ఇటాలియన్ క్లాసులో చెప్పారు. మరి సిసిలీ నుంచి వచ్చిన నా రూమ్మేట్ ఈ పొద్దున జరిగినదానికి కూడా అదే వాడుతున్నాడు. ఇంగ్లీషులోకి మారిస్తే నవలలోదీ, వాడి మాటా ఒకేలా అయిపోతున్నాయి. తేడా ఎలా చూపించాలి?”

మీ టీచరు చెప్పింది ఉత్తర ఇటలీ వరకు నిజం. నేనూ ఇటాలియన్ నేర్చుకున్నది టురిన్‌లోనే. అక్కడ నిన్న జరిగినా, పదేళ్ల కింద జరిగినా మాటల్లో అందరూ పస్సాతో ప్రోస్సిమో అనే ఇంకో భూతకాల రూపమే వాడతారు. “చనిపోయాడు” అనడానికి “ఎ మోర్తో” అంటారు. “మొరీ” అనే రెమోతో రూపం నేను చూసింది పాఠ్యపుస్తకంలోనే: “దాంతే మొరీ నెల్ 1321”, అంటే ఇటాలియన్ కవి దాంతే 1321లో చనిపోయాడు. దాంతో మొరీ అంటే చరిత్రలో ఎప్పుడో పోయినవాళ్ల మాట అని బుర్రలో స్థిరపడిపోయింది.

తర్వాత సిసిలీలోని మెస్సినాకి మారాను. ఒకరోజు సాయంత్రం మెట్ల దగ్గర మా ఇంటి ఓనరమ్మ ఎదురై, గొంతు తగ్గించి, “మొరీ, మూడో అంతస్తు సిన్యోర్” అంది. ఆ ఇంట్లో ఎప్పుడో ఎవరో పెద్దాయన ఉండేవాడు కాబోలు, ఆయన గురించి చెప్తోంది అనుకున్నాను. తలూపి పైకి వెళ్లిపోయాను. మర్నాడు పొద్దున వీధి గోడ మీద నల్ల అంచు ఉన్న చావు కబురు పోస్టరు కనిపించింది. అక్కడ ఎవరైనా పోతే అలా అతికిస్తారు. రోజూ మెట్ల మీద నాకు “బోన్‌జోర్నో” చెప్పే మనిషి పేరే అది. ముందురోజు మధ్యాహ్నమే పోయాడు. ఆవిడ చెప్పినప్పుడు ఒక్క మాట కూడా అనకుండా వచ్చేశానే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సిసిలీలో, కలాబ్రియా దక్షిణ భాగంలో, పూలియా చివర ఉన్న సలేంతోలో రెమోతో మామూలు భూతకాలం. భోజనం చేశావా అంటే “మంజాస్తి?”, అర్థమైందా అంటే “కపీస్తి?”. టురిన్‌లో వీటికే “ఆయ్ మంజాతో?”, “ఆయ్ కపీతో?” అంటారు. దక్షిణాది వాళ్లు పాతకాలపు గ్రాంథికం మాట్లాడుతున్నారని అనుకోకండి. ‘కలిగి ఉన్నాను’ అనే క్రియతో కట్టే ప్రోస్సిమో మొదట్లో పని ఫలితం ఇప్పుడు చేతిలో ఉందని చెప్పడానికే పుట్టింది. ఉత్తరాన అది మెల్లగా పెరిగి మొత్తం భూతకాలాన్ని ఆక్రమించింది, ఫ్రెంచి మాటల్లో జరిగినట్టే. సిసిలీలో అలా పెరగలేదు. అక్కడ ప్రోస్సిమో వినబడితే చాలాసార్లు ‘ఇప్పటిదాకా మళ్లీ మళ్లీ జరుగుతోంది’ అనే అర్థంలో ఉంటుంది. “వాడి కోసం ఎన్నోసార్లు వెతికాను, ఇంకా వెతుకుతున్నాను” లాంటి చోట అన్నమాట. రెమోతో అన్న పేరులో ‘దూరం’ ఉంది కానీ ఆ వాడుకలో దూరం లేదు.

ఇక ఇంగ్లీషు సంగతి. రెమోతో కనబడగానే సింపుల్ పాస్ట్, ప్రోస్సిమో కనబడగానే ‘హావ్’ అని జోడీ కట్టేయడంతోనే తప్పులు మొదలవుతాయి. ఇంగ్లీషు సింపుల్ పాస్ట్‌కి ఏదో ఒక సమయం ఆసరాగా ఉండాలి, బయటికి చెప్పినా చెప్పకపోయినా. దాంతే వాక్యంలో 1321 ఉంది కాబట్టి “దాంతే డైడ్ ఇన్ 1321” అంటే సరిపోయింది. మా ఓనరమ్మ మాటలో ఏ సమయమూ లేదు, అది అప్పుడే చెప్తున్న కబురు. దాన్ని “ది మాన్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్ డైడ్” అని రాస్తే ఇంగ్లీషు పాఠకుడు కూడా నాలాగే ఎప్పటి మాటో అనుకోవచ్చు. “హాజ్ డైడ్” అని రాయాలి. ఇటాలియన్‌లో ఒకే ‘మొరీ’, ఇంగ్లీషులో రెండు వేర్వేరు కాలాలు. అటునుంచి చూసినా ఇంతే. టురిన్ మనిషి ‘పోయినేడు రోమ్ వెళ్లాను’ అని ప్రోస్సిమోలో చెప్తాడు. ఇంగ్లీషులో అది “వెంట్” మాత్రమే. మనవాళ్లు “ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే” అనేస్తుంటారు కదా, ఇటాలియన్ నుంచి అనువదించేటప్పుడు ఆ అలవాటు ఇంకా ఇబ్బంది పెడుతుంది. మన ‘చూశాను’లో ఈ తేడా లేకపోవడం వల్ల చెవికి తప్పు తెలియదు.

నవలలో, కావ్యంలో నేను ఎక్కువసేపు ఆలోచించేది వేరే చోట. కథనంలో రెమోతోకి అసలు జంట ఇంపెర్ఫెత్తో అనే మరో భూతకాలం. ఇంపెర్ఫెత్తో జరుగుతూ ఉన్నదాన్ని పరుస్తుంది, రెమోతో దాని మీద ఒక్కో సంఘటననీ పెడుతుంది. దీనికి దాంతే ‘ఇన్‌ఫెర్నో’ ఐదో సర్గ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అందులో ఫ్రాంచెస్కా అనే ఆవిడ తన కథ చెప్తూ “నోయి లెజ్జవామో ఉన్ జోర్నో పెర్ దిలెత్తో” అని మొదలుపెడుతుంది: ఒకరోజు మేం సరదాకి చదువుతూ ఉన్నాం. లాన్సెలాట్ ప్రేమకథ చదువుతూ ముద్దు ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ఆమె ప్రియుడు పావోలో ఆమెని ముద్దు పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఆమె మాట: “క్వెల్ జోర్నో ప్యూ నోన్ వి లెజ్జెమ్మో అవాంతే”. ఆ రోజు ఇంక ముందుకి చదవలేదు. క్రియ ఒకటే, ‘చదవడం’. ముందు ‘లెజ్జవామో’, ఇప్పుడు ‘లెజ్జెమ్మో’. సాగుతున్న చదువు ఒక్కసారి ఆగిపోవడం ఆ రూపం మారడంలోనే వినిపిస్తుంది.

రెండుచోట్లా “వి రెడ్” అని పెడితే అర్థం తప్పు కాదు, కానీ ఆ ఆగడం పోతుంది. మొదటిది “వి వర్ రీడింగ్”, రెండోది “వి రెడ్ నో ఫర్దర్” అయితే నిలుస్తుంది. అలాగని ప్రతి ఇంపెర్ఫెత్తోనీ ‘వర్ …ఇంగ్’ చేయొద్దు. అలవాటు చెప్పేచోట “వుడ్” సరిపోతుంది, ‘ఉండేది’, ‘తెలుసు’ లాంటి స్థితి క్రియలకి మామూలు పాస్టే బాగుంటుంది. నేను మొదటి ప్రతి రాశాక ఇంగ్లీషు ఒక్కటే చదువుకుంటూ వెళ్తాను. ఏ వాక్యం దగ్గర కథ కదిలిందో మూలం చూడకుండా వేలు పెట్టి చూపించలేకపోతే ఆ పేరా మళ్లీ రాస్తాను.

మిగిలింది సంభాషణలు, మీ అసలు ప్రశ్న. కథ చెప్పే గొంతు రెమోతోలో ఉంది, సిసిలీ పాత్ర కూడా “అర్రివో?” అని రెమోతోలోనే అడుగుతుంది, మిలాన్ నుంచి వచ్చిన పోలీసు “ఎ అర్రివాతో?” అంటాడు. ఇద్దరి ప్రశ్నా ‘వచ్చాడా?’ అనే. నేనైతే పోలీసుకి “హాజ్ హి కమ్?” అనీ, సిసిలీ ఆవిడకి “డిడ్ హి కమ్ యెట్?” అనీ పెడతాను. రెండోది అమెరికా ఇంగ్లీషులో రోజూ వినే మాట, ఇప్పుడే జరిగినదానికి సింపుల్ పాస్ట్ వాడే అలవాటు వాళ్లకీ ఉంది. బ్రిటిష్ పాఠకులకి ఈ తేడా కాస్త తగులుతుంది, అమెరికా వాళ్లకి దాదాపు తెలియదు. ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే. దాన్ని పూడ్చాలని “దౌ”, “డిడ్స్ట్” లాంటి పాత మాటలు పెడితే మాత్రం, వంటింట్లో భోజనం చేశావా అని అడిగే ఆవిడ నాటకం రాణిలా మాట్లాడుతుంది. మీ రూమ్మేట్ “మంజాస్తి?” అన్నప్పుడు “డిడ్ యూ ఈట్?” అని రాయండి. వాడు అడుగుతున్నది అదే, భోజనం అయిందా అని.