ఎల్‌-1 అయినంత మాత్రాన పని దక్కినట్టు కాదమ్మా

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మన జిల్లాలో కాలువ పనులు, రోడ్లు చేస్తున్న ఒక కంపెనీకి ఇంతవరకు ఏయే ప్రభుత్వ కాంట్రాక్టులు దక్కాయో లెక్క తీసి మీ పత్రికలో రాయబోతున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. ఇరిగేషన్ డివిజన్‌లో అకౌంట్స్ చూస్తూ రిటైరైన నాకు, మన ఇంటి పిల్ల టెండరు కాగితాలు చదవడానికి కూర్చుంటోందంటే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అంతలోనే భయమూ పట్టుకుంది. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. కేంద్ర శాఖల టెండర్లు eprocure.gov.in, etenders.gov.in లలో, మన రెండు రాష్ట్రాలవి tender.apeprocurement.gov.in, tender.telangana.gov.in లలో ఉంటాయి. కేంద్ర పోర్టల్‌లో "Tenders Status" తెరిచి, స్థితి దగ్గర "AOC" ఎంచుకుంటే కాంట్రాక్టు ఖరారైన పనులు వస్తాయి. కంపెనీ పేరు కొట్టగానే దాని పనులన్నీ వరుసగా వస్తాయని ఆశ పెట్టుకోకు; ఈ రికార్డులన్నీ శాఖ వారీగా, పని వారీగా పేర్చినవి. కాబట్టి ఆ కంపెనీ ఏ శాఖలకు పని చేస్తుందో ముందు తెలుసుకుని, ఆ శాఖల టెండర్లను ఏడాది వారీగా చూసుకుంటూ రావాలి. ప్రతి పనికీ దాని టెండర్ ఐడీ రాసిపెట్టుకో. రద్దయి మళ్లీ పిలిచిన పనికి కొత్త ఐడీ వస్తుంది గనుక, ఒకే పని రెండు ఐడీలతో నీ పట్టికలో చేరే ప్రమాదం ఉంది. పని పేరు, అది కాలువ మీదో రోడ్డు మీదో ఎన్నో కిలోమీటరు దగ్గరో చెప్పే చైనేజీ పక్కపక్కన పెట్టి చూస్తే అది బయటపడుతుంది.

ఇక నేను అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి.

నేను డివిజన్‌లో ఉన్న రోజుల్లో, మాకు బాగా తెలిసిన ఒక విలేకరి, నిజాయితీపరుడే, ఒక సంస్థ నాలుగు పనులను ఒంటిచేత్తో కొట్టేసిందని మొదటి పేజీలో రాశాడు. ప్రైస్ బిడ్లు తెరిచిన రోజున తయారైన కంపారిటివ్ స్టేట్‌మెంట్ చూసి, అందులో ఎల్‌-1 అని ఉన్న పేరును అతడు విజేతగా తీసుకున్నాడు. కానీ ఎల్‌-1 అంటే ఆ రోజుకు అందరికంటే తక్కువ కోట్ చేసినవాడని మాత్రమే. ఆ తరువాత సూపరింటెండింగ్ ఇంజనీరు పరిశీలన, పైవారి ఆమోదం, అంగీకార పత్రం, పూచీ మొత్తం చెల్లింపు, చివరికి అగ్రిమెంటు మీద సంతకం జరగాలి. ఇందులో ఏ మెట్టు దగ్గరైనా పని చేజారవచ్చు.

ఆ సంస్థకు జరిగిందీ అదే. మన టెండర్లలో బిడ్ కెపాసిటీ అని ఒక లెక్క ఉంటుంది: 2AN − B. ఇక్కడ A అంటే గత ఐదేళ్లలో ఏదైనా ఒక సంవత్సరంలో అది చేసిన పనుల మొత్తం విలువల్లో అత్యధికమైనది, N అంటే ఈ పని పూర్తి చేయడానికి ఇచ్చిన గడువు సంవత్సరాల్లో, B అంటే ఆ గడువు లోపల అది చేయాల్సిన పాత పనుల విలువ. ఒక ఉదాహరణ చెబుతాను. A 10 కోట్లు, గడువు ఒక సంవత్సరం అనుకో, 2AN 20 కోట్లవుతుంది. చేతిలో 8 కోట్ల పాత పనులుంటే మిగిలిన సామర్థ్యం 12 కోట్లు. ఒకేసారి 7 కోట్ల పనులు రెండింటిలో ఎల్‌-1 అయితే, మొదటిది దక్కగానే అది B లో చేరి సామర్థ్యం 5 కోట్లకు పడిపోతుంది, రెండోది దక్కదు. విలేకరి రాసిన నాలుగింటిలో రెండు ఇలాగే చేజారి, మళ్లీ టెండరుకు వెళ్లి వేరేవారికి దక్కాయి.

ఇంతకంటే ఘోరం పేరు దగ్గర జరిగింది. ఆ సంస్థకు వెంకటేశ్వరస్వామి పేరుంది. మన దగ్గర కాంట్రాక్టర్లలో ఆ పేరు పెట్టుకోనివారు ఎందరమ్మా? నాలుగో పనిలో ఎల్‌-1 అయినది ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. విలేకరి రాసినది మాత్రం అదే పేరుతో చిన్నచిన్న మరమ్మతులు చేసుకునే ఒక ప్రొప్రైటర్ గురించి. పత్రిక వచ్చిన మర్నాడు ఆ ప్రొప్రైటర్ నాలుగు మడతలు పెట్టిన ఆ పేపరుతో మా ఆఫీసుకు వచ్చి, ఆ పని తనది కాదని ఒక కాగితం రాసిమ్మని బతిమాలాడు. అంత పెద్ద పని చేతిలో పెట్టుకుని పాత బాకీ ఎందుకు తీర్చవని సిమెంటు డీలరు అతడి ఇంటి మీదికి వచ్చాడట. లోపలి పేజీలో వచ్చిన సవరణను ఆ డీలరు చదివి ఉంటాడని నేననుకోను.

అందుకని పేరును నమ్మకు, పాన్‌ను నమ్ము. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తరువాతి పది అక్షరాలు పాన్. పాన్‌లో నాలుగో అక్షరం C అయితే కంపెనీ, F అయితే భాగస్వామ్య సంస్థ, P అయితే వ్యక్తి. services.gst.gov.in లో ఆ నంబరు పెడితే చట్టబద్ధమైన పేరు, వ్యాపార స్వరూపం కనిపిస్తాయి. ఒక పేరు పక్కన పాన్ తేలేవరకు ఆ వరుసను పట్టికలో ఖాళీగానే ఉంచు తల్లీ, ఊహించి నింపకు.

జాయింట్ వెంచర్ల దగ్గర ఇదే చిక్కు తిరగబడి వస్తుంది. రెండు కంపెనీలు కలిసి వేసిన బిడ్డు ఇద్దరి పేర్లూ కలిపిన కొత్త పేరుతో ఉంటుంది, దానికి వేరే పాన్ ఉండవచ్చు. 60:40 వాటాతో 10 కోట్ల పని దక్కితే, నీ కంపెనీ ఖాతాలో మొత్తం 10 కోట్లు వేయకూడదు, అసలు వేయకుండానూ ఉండకూడదు. వాటా ఎంతో జేవీ ఒప్పందంలో ఉంటుంది.

విలువ రాసేటప్పుడు కూడా తొందరపడకు. టెండరు ప్రకటనలో కనిపించేది అంచనా విలువ. 2 కోట్ల అంచనాకు 12 శాతం తక్కువకు కోట్ చేస్తే అగ్రిమెంటు విలువ 1.76 కోట్లు. చెల్లింపు ఎంతో మెజర్‌మెంట్ బుక్, బిల్లులు చెబుతాయి. ఈ మూడింటిలో ఏది వేస్తున్నావో కథనంలో స్పష్టంగా రాయి.

పోర్టల్‌లో దొరకనిదానికి సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల రుసుముతో డివిజన్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టి, అగ్రిమెంటు నంబరు, తేదీ, విలువతోపాటు ఆ కంపెనీ బిడ్డుతో ఇచ్చిన "చేతిలో ఉన్న పనుల" జాబితా ప్రతిని అడుగు. ఇందాక చెప్పిన B లెక్క కోసం కంపెనీయే తన పనులన్నీ స్వయంగా రాసిచ్చే కాగితం అది; నువ్వు వెతికినా దొరకని శాఖల పనులు కూడా అందులో కనిపించవచ్చు. వ్యాపార రహస్యమని ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(d) చూపించి నిరాకరించవచ్చు. అలాంటప్పుడు టెండరు ప్రక్రియ ముగిసిందని గుర్తుచేస్తూ 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయి. కంపెనీ అప్పు తీసుకుని ఉంటే, రేటింగ్ సంస్థలు తమ వెబ్‌సైట్లలో పెట్టే నివేదికల్లో దాని ఆర్డర్ బుక్, అంటే చేతిలో ఉన్న పనుల విలువ మొత్తం తరచూ ఉంటుంది. నీ పట్టిక మొత్తాన్ని దానితో పోల్చు. బాగా తేడా వస్తే ఏదో శాఖ తప్పిపోయిందనో, ఏదో పని రెండుసార్లు పడిందనో అర్థం.

టెండరు పిలవకుండా నామినేషన్ మీద నేరుగా ఇచ్చిన చిన్న పనులు ఈ టెండరు రికార్డుల్లో ఉండవు. కాబట్టి "మొత్తం కాంట్రాక్టులు" అని రాయకు, "టెండర్ల ద్వారా దక్కినవి" అని రాయి.

అచ్చుకు ఇచ్చేముందు కంపెనీకి పట్టిక పంపి వివరణ అడుగు, జవాబు ఇవ్వడానికి తగిన గడువు ఇవ్వు. అంతకంటే ముందు నాకు పంపు. టెండర్ ఐడీ, పాన్, అగ్రిమెంటు నంబరు, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా లేని వరుసలకు ఎర్రరంగు వేసి పంపితే, వాటిలో ఏ ఆఫీసులో ఏది అడగాలో నేను పక్కన రాసిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న