వీడియో క్లాసులో బోర్డు మీద రాసింది పిల్లలకి మసకగా ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న: సాయంత్రం ఐదుగురికి లెక్కలు చెప్తాను, స్క్రీన్ షేర్‌లో నా రాత వాళ్లకి మసకగా, లేటుగా వస్తోంది. పెన్ టాబ్లెట్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదండి, స్క్రీన్ షేర్ ఆపేసి, ఆన్‌లైన్ వైట్‌బోర్డులో రాస్తూ దాని లింకే పిల్లలకి పంపండి, చాలావరకు సరిపోతుంది.

స్క్రీన్ షేర్ అంటే మీ స్క్రీన్‌ని వీడియోగా తీసి పంపడం, నెట్ కాస్త తగ్గగానే యాప్ ఆ వీడియో క్వాలిటీ తగ్గించేస్తుంది, సన్న గీతలు ముందు చెదిరిపోతాయి. లింక్‌తో బోర్డు తెరిస్తే వీడియో ఉండదు, పెన్ను ఎక్కడ నుంచి ఎక్కడికి కదిలిందో ఆ పాయింట్లు మాత్రమే వెళ్తాయి, గీత వాళ్ల ఫోన్‌లోనే కొత్తగా గీయబడుతుంది కాబట్టి ఎంత జూమ్ చేసినా స్పష్టంగానే ఉంటుంది.

ఉదాహరణకి 3/8 + 1/4 రాశారనుకోండి. షేర్‌లో ఆ 8 కాసేపు 6 లాగా కనిపించి, మీరు పెన్ను ఆపాక క్లియర్ అవుతుంది, ఇదే గుర్తు. ఎక్స్‌కాలిడ్రా లాంటి బోర్డులో లైవ్ సెషన్ లింక్ ఇస్తే పిల్లలే 1/4 ని 2/8 గా మార్చి రాయొచ్చు కూడా. ఒక్క ఇబ్బంది, బోర్డులో ఎవరు చూసే చోటు వాళ్లదే, మీరు బోర్డుని పక్కకి జరిపి రాస్తే అది వాళ్లకి కనిపించకపోవచ్చు, అందుకే పైన మీ పేరున్న గుండ్రం నొక్కి ఫాలో అవ్వమని మొదట్లోనే చెప్పండి.

చాలామంది పెన్ టాబ్లెట్ ఖరీదైనది కొంటే రాత క్లియర్‌గా వెళ్తుంది అనుకుంటారు, కానీ అది మీ చేతి అదుపుని బాగుచేస్తుంది అంతే, మీ స్క్రీన్ మీద బాగున్న గీత అవతల మసకబారితే దానికి టాబ్లెట్‌తో సంబంధం లేదు. మాట కూడా తెగిపోతుంటే మాత్రం నెట్ చూసుకోవాలి.