మూడొందలు పట్టుకోండి, యాప్ తర్వాత చూడొచ్చు

"మా అమ్మాయి పురుడుకు కువైట్ వెళ్తున్నాను. పోయినసారి షాపులో ధర చూసి, దినార్లను రూపాయల్లోకి మార్చే యాప్ తెరిస్తే నెట్ లేక తిరుగుతూనే ఉండేది, అల్లుడిని అడగాలంటే మొహమాటం. నెట్ లేకుండా పనిచేసే మంచి యాప్ ఉందా?"
– ఒక పాఠకురాలు, రాజోలు

యాప్‌లు చాలావరకు చివరగా దింపుకున్న రేటుతో నెట్ లేకుండానే లెక్క చూపిస్తాయి. ఆ రేటు ఏ తేదీదో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడండి. కానీ మిక్సీ ముందు నిలబడినప్పుడు యాప్ కన్నా నోటిలెక్కే త్వరగా తేలుతుంది.

దినార్‌కు వెయ్యి ఫిల్స్. అందుకే అక్కడ ధరలో చుక్క తర్వాత మూడంకెలుంటాయి. 1.250 అని ఉంటే పన్నెండొందల యాభై అనుకుని హడలిపోకండి, అది దినారుంపావు. అంబాజీపేటలో వెయ్యి కాయల రేటు చెప్పగానే రెండొందల యాభై కాయలకు పావు వంతు కట్టేస్తారు చూడండి, ఇదీ అంతే. 250 అంటే పావు, 500 అర, 750 ముప్పావు. కువైట్‌లో పావు దినార్, అర దినార్ నోట్లే ఉన్నాయి.

బయల్దేరే ముందు దినార్‌కు ఎన్ని రూపాయలో రేటు ఒక్కసారి చూసుకోండి. అది 288 అనుకుందాం. దాన్ని 300 చేసేయండి. అప్పుడు పావు 75, అర 150, ముప్పావు 225. వంద ఫిల్స్ 30 రూపాయలు. ఇవి నాలుగూ నోటికొస్తే చాలు.

మిక్సీ మీద 18.750 ఉందనుకోండి. పద్దెనిమిది మూళ్లు యాభైనాలుగు, అంటే 5,400. దానికి ముప్పావు తాలూకు 225 కలిపితే 5,625. మనం రేటును పెంచి పట్టుకున్నాం కాబట్టి వందకు నాలుగు చొప్పున 225 తీసేయాలి. మళ్లీ 5,400కే వచ్చాం. అమలాపురంలో అదే మిక్సీ ఎంతో మీకు తెలుసు కాబట్టి కొనాలో వద్దో అక్కడే తేలిపోతుంది.

మన బ్యాంకు కార్డు గీస్తే మాత్రం ఆ నాలుగు తీయకండి. చాలా కార్డులకు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా ఛార్జీ, ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. రెండూ కలిస్తే నాలుగు శాతం దాటుతుంది. అంటే 288 కాస్తా దాదాపు 300 అయి కూర్చుంటుంది. మిషన్ INR అంటే రూపాయలు కావాలా, KWD అంటే కువైట్ దినార్లు కావాలా అని అడిగితే KWD నొక్కండి. INR నొక్కితే రేటు వాళ్లిష్టం, అది సాధారణంగా మనకు నష్టమే.

ఇదంతా మిక్సీలకూ చాక్లెట్లకూ సరిపోతుంది. బంగారం దగ్గర వందకు నాలుగు తేడా అంటే వేలల్లోకి పోతుంది. అక్కడ మాత్రం మొహమాటం పక్కనపెట్టి అల్లుడి ఫోన్ అడగండి.