పర్సనల్ లోన్ తీసి బాండ్‌ను కాపాడొద్దు

"2021 జూలైలో 6.10 శాతం వడ్డీతో, 2031లో గడువు తీరే కేంద్ర ప్రభుత్వ బాండ్‌లో 5 లక్షలు పెట్టాను. ఇప్పుడు దాని ధర నూటికి 91.50 చూపిస్తోంది. ప్రభుత్వ బాండ్‌లో నష్టం ఎలా వస్తుంది? వానలకు ఇంటి స్లాబు కారుతోంది, 2 లక్షలు కావాలి. నష్టానికి అమ్మే బదులు 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను."
– ఒక పాఠకుడు, నెల్లూరు, 2022 జూలై

లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టకపోతే ఆగండి.

ప్రభుత్వం మీకు పైసా ఎగ్గొట్టడం లేదు. ఏటా 30,500 రూపాయల వడ్డీ, గడువుకు అసలు 5 లక్షలు వస్తాయి. కానీ మే, జూన్ నెలల్లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 4 నుంచి 4.90 శాతానికి పెంచింది. ఇంకా పెంచుతుందన్న అంచనా కూడా తోడై, ప్రభుత్వానికి దీర్ఘకాలం అప్పిచ్చేవాళ్లు ఇప్పుడు దాదాపు 7.4 శాతం అడుగుతున్నారు. అంటే ఇవాళ 5 లక్షలు పెట్టేవాళ్లకు ఏటా 37,000 వస్తుంది. మీ బాండ్ కొంటే 6,500 తక్కువ. అలాంటప్పుడు పూర్తి ధర ఎవరిస్తారు? తొమ్మిదేళ్లకు ఆ తేడా 58,500. అది విడతలవారీగా పోయే డబ్బు కాబట్టి నేటి విలువకు లెక్కగడితే సుమారు 42,000. కొనేవాళ్లు అడిగే తగ్గింపు అదే, మీకు కనిపించిన 91.50 కూడా అదే. ఏడాదే మిగిలి ఉంటే ధర 98.80 దగ్గర ఉండేది.

గడువుదాకా ఉంచుకుంటే నష్టమే లేదని కొందరు చెబుతారు. అసలు మొత్తం చేతికొస్తుంది, నిజమే. కానీ ఏటా 6,500 తక్కువ తీసుకుంటూ అదే నష్టాన్ని వాయిదాల్లో భరిస్తారు. కాబట్టి ఇవాళ అమ్మినంత మాత్రాన కొత్తగా పోయేదేమీ లేదు.

ఇక ఆ లోన్. నేటి ధర మీద మీ బాండ్ ఇకముందు ఇచ్చేది 7.4 శాతం. దాన్ని నిలబెట్టుకోవడానికి 14 శాతానికి అప్పా? 2 లక్షలకు మూడేళ్ల ఈఎంఐ 6,835 రూపాయలు, అందులో వడ్డీయే 46 వేలు! అసలు విలువలో 2.2 లక్షల మేర బాండ్ అమ్మి స్లాబు బాగుచేయించండి. చిన్న మొత్తాలకు స్క్రీన్ మీది ధర కన్నా కాస్త తక్కువ పలకొచ్చు. మరీ తక్కువ పలికితే, రెండు మూడు నెలల్లో తీర్చగలిగితేనే బంగారం మీద అప్పు చూడండి.

మీ తప్పు బాండ్ కొనడం కాదు. అత్యవసరానికి ఏమీ ఉంచుకోకుండా, చేతిలో ఉన్నదంతా పదేళ్ల బాండ్‌లో పెట్టడం. నాకు ఇలా రాసేవాళ్లలో చాలామంది చేసేది ఇదే. ఆరు నెలల ఇంటి ఖర్చు సేవింగ్స్‌లోనో, చిన్న గడువు ఎఫ్‌డీలోనో ఉంటే ఈ వానకు మీరు ధర చూసుకోవాల్సిన పనే ఉండేది కాదు. మిగిలే 2.8 లక్షల బాండ్ మీద ఆరు నెలలకోసారి 8,540 రూపాయలు వస్తాయి. వాటిని, జీతంలో మిగిలేదాన్ని విడి ఖాతాలో వేయండి. ఆ ఆరు నెలల ఖర్చు పోగయ్యేదాకా, 7.4 శాతం ఎంత ఊరించినా, కొత్త బాండ్ జోలికి వెళ్లొద్దు.