మూత బిగించినా గ్యాస్ ఎందుకు నిలవదు?

"రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సగం తాగి, మూత గట్టిగా బిగించి వంటింట్లో పెట్టాను. పొద్దునకి చప్పబడిపోయింది. లీకేమీ లేదు. గాలి కొట్టే పంపు మూత కొంటే ఉపయోగం ఉంటుందా?"

గ్యాస్ సీసా దాటి పోలేదండీ, పైనున్న ఖాళీలోకి చేరింది. పొద్దున మూత తీయగానే బుస్సుమని పోయింది అదే.

మా నాన్నగారికి గోలీసోడా మిషను ఉండేది. వేసవి సెలవుల్లో దాని చక్రం తిప్పడం నా పని. నీళ్ళలో ఐసు వేసి, బాగా చల్లబడ్డాకే సీసాల్లో పోసేవారు. ఒకరోజు ఐసు రాలేదు, మామూలు నీళ్ళతోనే నింపాం. సిలిండరు ప్రెషర్ రోజూ పెట్టేదే, తిప్పడమూ రోజూ తిప్పినంతే. అయినా గోలీ నొక్కితే రోజూ వచ్చే పొంగు రాలేదు, సోడాలో ఘాటు లేదు.

కాలేజీలో హెన్రీ నియమం చదివినప్పుడు ఆ రోజు గుర్తొచ్చింది. నీటిలో ఎంత కార్బన్ డయాక్సైడ్ కరుగుతుందనేది, నీటి పైన ఆ ఒక్క వాయువు చూపే పీడనాన్ని బట్టి ఉంటుంది. దాన్నే పాక్షిక పీడనం అంటారు. అది రెట్టింపయితే కరిగేదీ రెట్టింపు. కాకపోతే ఆ లెక్క వేడిని బట్టి మారుతుంది. ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గర లీటరు నీటిలో 25 డిగ్రీలప్పుడు దాదాపు 1.45 గ్రాములు కరిగితే, 5 డిగ్రీలప్పుడు దాదాపు 2.8 గ్రాములు కరుగుతుంది. నాన్నగారి ఐసు చేసే పని అదే.

ఇప్పుడు మీ సీసా సంగతి. లీటరు డ్రింకులో 6 గ్రాముల గ్యాస్ మిగిలిందనుకుందాం. పైన లీటరు ఖాళీ ఉంది. కొత్త సీసాలో ఈ గ్యాస్‌ను పట్టి ఉంచింది సుమారు 4 అట్మాస్ఫియర్ల పీడనం. మూత తీయగానే అది పోయింది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం 0.0004 అట్మాస్ఫియరే. మూత పెట్టాక పీడనం మళ్ళీ పెరగాలంటే ఆ గ్యాస్ డ్రింకులోంచే రావాలి. 25 డిగ్రీల దగ్గర పీడనం 1.85కి చేరాక నిలకడ వస్తుంది. అప్పటికి డ్రింకులో మిగిలేది దాదాపు 2.7 గ్రాములే, మిగతాది ఖాళీలో ఉంటుంది. అదే సీసా ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గరుంటే సుమారు 3.5 గ్రాములు మిగిలేది.

పంపు మూత మాత్రం కొనకండి. అది కొట్టేది మామూలు గాలి, అంటే నైట్రోజన్, ఆక్సిజన్. సీసా రాయిలా గట్టిపడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం పెరగదు కాబట్టి డ్రింకులోంచి పోయేది పోతూనే ఉంటుంది.

నేనైతే మిగిలిన డ్రింకును చల్లగా ఉన్నప్పుడే, సీసా వాల్చి నెమ్మదిగా, రెండు అరలీటరు సీసాల్లోకి అంచుదాకా పోసి ఫ్రిజ్‌లో పెడతాను. పోసేటప్పుడు కొంత నురగ పోతుంది, తప్పదు. కానీ గ్యాస్ పోయి చేరడానికి పైన ఖాళీయే ఉండదు.