మేడ మీద సోలార్ ఫ్రేముకి కాంక్రీటు దిమ్మలు: ఎంత సైజు, ఎన్ని?

ప్రశ్న: మాది బరంపురం, రెండంతస్తుల ఇల్లు. 550 వాట్ల ప్యానెళ్ళు ఆరు పెట్టిస్తున్నాం. స్లాబ్‌కి రంధ్రాలు పెడితే కారుతుందని భయం. అందుకని ఒక్కో కాలికి ఒక అడుగు దిమ్మ చొప్పున ఎనిమిది దిమ్మలు చాలు, వాటి బరువుకే ఫ్రేము కదలదు అని బిగించేవాళ్ళు చెబుతున్నారు. నిజమేనా? దిమ్మ ఎంత సైజు ఉండాలి, ఎన్ని కావాలి?

జవాబు: చాలవండి. నేనూ ఇదే ఊళ్ళో ఉంటాను. మా మేడ మీద ప్యానెళ్ళు పెట్టించే ముందు ఈ లెక్క మా బావమరిదితో కూర్చుని వేశాను. తను స్ట్రక్చరల్ ఇంజినీరు. లెక్క కష్టమేమీ కాదు, మీరే వేసి చూసుకోవచ్చు.

ముందు దిమ్మ బరువు చూద్దాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 300 మిల్లీమీటర్ల ఘనం. కంకర కాంక్రీటు ఘనపు మీటరుకి 2400 కిలోలు తూగుతుంది కాబట్టి ఈ దిమ్మ 65 కిలోలు. అది కూడా గట్టిగా పోసి, గాలి బుడగలు లేకుండా కూరిస్తేనే. ఇటుక ముక్కలు కలిపి పోస్తే ఇంకా తగ్గుతుంది. ఎనిమిదికి 520 కిలోలు. ప్యానెల్ ఒక్కోటి 28 కిలోల దాకా ఉంటుంది, ఆరూ కలిపి 170. ఫ్రేము ఇనుము ఇంకో 150 అనుకోండి. మొత్తం 840 కిలోలు మీ మేడ మీద కూర్చుంటుంది.

ఇక గాలి. గాలి భారాల భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీర ప్రాంతంలో లెక్కకి తీసుకోవలసిన మూల వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది: 1500. కిలోల్లో చెప్పాలంటే 150కి కాస్త పైన. 550 వాట్ల ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు. ఆరింటి వైశాల్యం 15.5 చదరపు మీటర్లు. కింద ఖాళీగా ఉండి 10, 15 డిగ్రీల వాలున్న ప్యానెళ్ళని ఆ ఒత్తిడి దాదాపు అంతే బలంతో పైకి లాగుతుంది, అంచుల్లో ఇంకాస్త ఎక్కువగా. అంటే పైకి లాగే బలం 2300 కిలోలు. పట్టి ఉంచే బరువు 840.

ఈ 840 కిలోలు ఎంత గాలికి సరిగ్గా తేలిపోతాయో వెనక్కి లెక్క కడితే సెకనుకి 30 మీటర్ల లోపే వస్తుంది, గంటకి 107 కిలోమీటర్లు. ఒకటిన్నర రెట్లు భద్రత ఉంచుకుంటే 87కే ఆగిపోవాలి. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను గాలులు 200 దాటాయి. మీ ఇల్లు ఊరి మధ్యన, చుట్టూ ఇళ్ళతో ఉంటే ఆ బలంలో ఆరో వంతు దాకా తగ్గుతుంది. అయినా ఎనిమిది దిమ్మలు దగ్గరికి కూడా రావు.

అయితే దిమ్మలు పెంచితే పోదా అంటారు. 2300ని ఒకటిన్నరతో గుణించి, ప్యానెళ్ళ బరువు, ఫ్రేము బరువు తీసేస్తే 3100 కిలోలకు పైన మిగులుతుంది. 65తో భాగిస్తే 48 దిమ్మలు. దిమ్మ సైజు ఏదైనా మొత్తం బరువు ఇంతే కావాలి: 400 × 400 × 300 అయితే ఒక్కోటి 115 కిలోలు, 27 దిమ్మలు. ప్యానెళ్ళ నీడలో ఇవన్నీ పేరిస్తే చదరపు మీటరుకి 200 కిలోల బరువు శాశ్వతంగా ఉండిపోతుంది. మనుషులు ఎక్కి తిరిగే మేడకి డిజైన్‌లో తీసుకునే అదనపు భారం 150 కిలోలే. దిమ్మలతోనే తుఫాను గాలిని ఆపాలనుకుంటే మీ స్లాబ్ దానికి సరిపోదన్నమాట. లోపలి జిల్లాల్లో మూల వేగం 39 ఉన్న చోట కూడా ఇదే లెక్కకి దాదాపు 28 దిమ్మలు వస్తాయి.

ఇంకొక సంగతి బిగించేవాళ్ళు చెప్పరు. ఫ్రేము లేచిపోవడానికి ముందే పక్కకి జరిగిపోతుంది. గాలి పైకి లాగేకొద్దీ దిమ్మ కింద ఒరిపిడి తగ్గిపోతుంది, వానకి తడిసిన నున్నటి వాటర్‌ప్రూఫింగ్ మీద ఇంకా తక్కువ. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో ఒక ఇంటి మీద ఇదే జరిగింది. వెనక కాళ్ళు దిమ్మలతో సహా జానెడు జరిగి, ఫ్రేము మెలిపడి, రెండు ప్యానెళ్ళ అద్దాలు చిట్లిపోయాయి. ఎగిరి ఏదీ కింద పడలేదు కాబట్టి సరిపోయింది. దిమ్మ జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే బిగించిన రోజునే దాని చుట్టూ పెయింటుతో గీత గీయించండి. పెద్ద గాలి తర్వాత గీతకీ దిమ్మకీ మధ్య ఖాళీ కనబడితే ఆ ఫ్రేము నమ్మదగ్గది కాదు.

మరి చెయ్యవలసింది ఏమిటంటే, దిమ్మ బరువుని కాకుండా ఇంటి బరువుని వాడుకోవాలి. మన ఇళ్ళలో పై అంతస్తు కోసమని పిల్లర్ రాడ్లు మేడ మీద వదిలేస్తాం కదా, మీకు అలా ఉంటే అంతకన్నా మంచి పట్టు లేదు. మా ఇంట్లో ఆ పనే చేశాం. రాడ్ల తుప్పు బ్రష్‌తో గీకించి, కొత్త రాడ్లని పాతవాటి పక్కన, రాడ్డు మందానికి యాభై రెట్ల పొడవు కలిసేలా కట్టించి (12 మిల్లీమీటర్ల రాడ్డుకి రెండడుగులు), పొట్టి పిల్లర్లు పోయించాం. పైన ఫ్రేము కాలి బోల్టులు ముందే అందులో నిలబెట్టాం. ప్యానెళ్ళు అడ్డంగా మూడు, నిలువుగా రెండు వరసలు వేస్తే మూడున్నర, నాలుగున్నర మీటర్ల చోటు పడుతుంది. నాలుగు పిల్లర్ల మధ్య దూరం దాదాపు అంతే ఉంటే అడ్డ దూలాలు వేసుకుంటే చాలు. ఒక్కో పిల్లర్ మీద లాగే బలం భద్రతతో కలిపి 800 కిలోల లోపు. ఇంటి పిల్లర్‌కి అది లెక్కే కాదు. స్లాబ్‌కి ఒక్క రంధ్రం కూడా పడదు, మీ భయమూ తీరుతుంది.

రాడ్లు లేకపోతే కెమికల్ యాంకర్లు, అంటే స్లాబ్‌లో తొలిచిన రంధ్రంలో జిగురు మందు నింపి అతికించే బోల్టులు. అయిదంగుళాల స్లాబ్‌లో మూడంగుళాలకి మించి తొలచనివ్వకండి, రెండో వైపుకి పొడుచుకు రాకూడదు. కారుడు వచ్చేది రంధ్రంలో దుమ్ము వదిలేసినప్పుడు. పంపుతో ఊది, బ్రష్ తిప్పి, మళ్ళీ ఊదిన తర్వాతే మందు నింపాలి. అడుగు నుంచి పైకి నింపితే గాలి ఇరుక్కోదు. గట్టిపడ్డాక ఒక యాంకర్‌ని లాగి చూపించమని అడగండి. కాలికి 400 కిలోల లాగుడు పడే లెక్క కాబట్టి అంతకి తట్టుకోవాలి. తర్వాత ఆ కాలి చుట్టూ నీళ్ళు నిలవకుండా వాలుగా చిన్న దిమ్మ పోయించుకోండి. ఈ దిమ్మ నీళ్ళని ఆపడానికి మాత్రమే.

ఫ్రేముని పిట్టగోడకన్నా పైకి లేపకండి. కింద నడవడానికి వీలుగా ఏడడుగుల ఎత్తున కడతామంటే, పైకి లాగే బలంతో పాటు పక్కకి పడదోసే బలం కూడా పెరిగి వెనక కాళ్ళ మీద లాగుడు ఎక్కువవుతుంది, పైన వేసిన లెక్క అప్పుడు సరిపోదు. అంచు నుంచి కనీసం మూడు నాలుగు అడుగులు లోపలికి జరపండి. బిగించేవాళ్ళ దగ్గర గాలి వేగం ఎంత తీసుకున్నారో కాగితం మీద రాయించుకోండి; 50 అని రాసి ఇవ్వలేకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.