జీతం పెరిగింది సరే, బియ్యం ఎన్ని కిలోలు పెరిగాయి?

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో రిటైరైన లెక్కల మాస్టారిని. మావాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. రెండేళ్లుగా తొమ్మిదేసి శాతం హైక్ అంటున్నాడు, అడిగితే మాత్రం ఏమీ మిగలడం లేదంటాడు. మా తోడల్లుడి కొడుకు కంపెనీ మారి ఒకేసారి 30 శాతం తెచ్చుకున్నాడు. మావాణ్ణి కూడా మారమని చెప్పమంటారా? డబ్బు ఎక్కడో పోతోందని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్న హైక్ గురించే అయినా, భయమంతా చివరి వాక్యంలో ఉంది. అబ్బాయి డబ్బు పాడుచేస్తున్నాడేమో అని మీ అనుమానం. ఆ అనుమానానికి ముందు లెక్క చూడాలి. ముప్పై ఏళ్లు పిల్లలకు చక్రవడ్డీ చెప్పి, సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఆఫర్ లెటర్ మీది శాతం చూసి తీర్పు చెప్పేస్తే ఎలా?

గత ఏడాది బెంగళూరు మారతహళ్లి నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయిది దాదాపు ఇదే కథ. సీటీసీ, అంటే కంపెనీ వాడి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 7 లక్షల నుంచి రెండు హైకులతో 8.32 లక్షలకు చేరింది, అంటే కాగితం మీద 19 శాతం. పేస్లిప్పులు పక్కన పెట్టి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయమన్నాను. కంపెనీ నుంచి ఏడాది పొడుగునా ఖాతాలో పడిన మొత్తం కూడి, ఆఫీసు పని మీద పెట్టిన ఖర్చుకు తిరిగి ఇచ్చిన డబ్బు తీసేసి, పన్నెండుతో భాగించాం. 2022-23లో నెలకు సగటున 45,000 వచ్చింది, 2024-25లో 51,000. పెరిగింది 13.3 శాతమే. మిగతాది ఎక్కడికి పోయిందంటే, రెండో హైక్‌లో పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ వాటా పెంచారు, అందులో చేతికొచ్చింది సగమే. కొంత పీఎఫ్‌లోకి వెళ్లింది. పీఎఫ్ వాడి సొమ్మే, కానీ ఈ నెల అద్దె కట్టడానికి పనికిరాదు కాబట్టి ఈ లెక్కలో కలపకూడదు.

ఇప్పుడు ధరల సంగతి. కేంద్ర గణాంక శాఖ ఇచ్చే వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం సగటున 2023-24లో 5.4 శాతం, 2024-25లో 4.6 శాతం. పేపర్లో వచ్చే ఒక నెల అంకె పట్టుకోకండి, జీతం ఏ పన్నెండు నెలలకు లెక్కేశామో ధరలు కూడా ఆ పన్నెండు నెలలవే కావాలి. రెండేళ్లవి కూడకూడదు, గుణించాలి: 1.054 × 1.046 = 1.1025. అంటే 2022-23లో 45,000కు వచ్చిన సరుకే 2024-25లో కొనాలంటే దాదాపు 49,600 కావాలి. అబ్బాయికి వస్తున్నది 51,000. 51,000ను 49,600తో భాగిస్తే 1.028. రెండేళ్ల కష్టానికి కొనుగోలు శక్తి పెరిగింది 2.8 శాతం. పంతొమ్మిది ఎక్కడ, మూడు కూడా లేనిది ఎక్కడ!

అది దేశం మొత్తానికి తీసిన సగటు. 2012 ఆధారంగా లెక్కించిన ఆ సూచీలో, పట్టణాలకు కూడా ఇంటి వాటా 22 శాతం లోపే. బెంగళూరులో పెళ్లికాని కుర్రాడికి అద్దె అంతకంటే చాలా ఎక్కువ తింటుంది. అందుకే వాడి సొంత నెల ఖర్చుల బుట్ట కూడా వేయించాను. 2022-23లో తన వాటా అద్దె 11,000, తిండి 9,000, ప్రయాణం 3,000, మిగతావి 5,000, మొత్తం 28,000. రెండేళ్ల తర్వాత అద్దె 14,000, తిండి 10,200, ప్రయాణం 3,300, మిగతావి 5,300, మొత్తం 32,800. పెరుగుదల 17 శాతం. జీతం 13.3 శాతమే పెరిగింది కదా, ఈ లెక్కన వాడు వెనక్కి పోయాడు. వాడి మొహం వాడిపోయింది.

అయితే ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అద్దె 14,000 ఎందుకైందని అడిగితే, లిఫ్టూ బాల్కనీ ఉన్న ఇంటికి మారానన్నాడు. అది ధర పెరగడం కాదు, ఇల్లు పెరగడం. పాత ఇల్లు ఇప్పుడు ఎంతకు ఇస్తున్నారో ఫోన్ చేసి కనుక్కోమన్నాను. తన వాటాకు 12,500 పడుతుందట. ఆ అంకె పెడితే బుట్ట 31,300 అయింది, పెరుగుదల 11.8 శాతం. అంటే నిజంగా మిగిలిన మెరుగు 1.4 శాతం. వెనక్కి పోలేదు, కానీ ముందుకు పోయింది జానెడే. ఆ జానెడు కూడా బాల్కనీ మింగేసింది. అదే సరుకు, అదే ఇల్లు, అంతే దూరం అన్న షరతు పాటించకపోతే, మనం ఏ జవాబు కోరుకుంటే ఈ లెక్క ఆ జవాబే చెబుతుంది.

మీ అబ్బాయి చేతిలో మిగలడం లేదంటే ధరలు పెరగడం కావచ్చు, ఇల్లు పెరగడం కావచ్చు. మీ ఇంటికి పంపే డబ్బు కూడా కావచ్చు. ఏటా ఎంత పంపుతున్నాడో, అందులో మీరు అడిగింది ఎంతో మీరే గుర్తుచేసుకోండి. లోను ఈఎంఐ ఉంటే దాన్ని విడిగా రాయమనండి. స్థిరవడ్డీ లోనైతే ఈఎంఐ ధరలతోపాటు పెరగదు, కాబట్టి ఆ భాగం మీద హైక్ పూర్తిగా మిగులుతుంది.

ఇక ముప్పై శాతం మోజు. నిజం చెప్పాలంటే ఏటా కంపెనీ మారే ఈ ఫ్యాషన్ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. 8.32 లక్షల వాడికి 10.8 లక్షల ఆఫర్ వచ్చిందనుకోండి, అది ముప్పై శాతమే. కానీ అందులో లక్ష జాయినింగ్ బోనస్ అయితే, రెండో ఏడాది అది రాదు. మిగిలేది 9.8 లక్షలు, అంటే 18 శాతం. ఆ రెండో ఏడాది తొమ్మిది శాతం హైక్ ఇచ్చినా 10.68 లక్షలే. ద్రవ్యోల్బణం తీసేయక ముందే, రూపాయల్లోనే నిరుటి కంటే తక్కువ! ఏడాదిలోపు మానేస్తే ఆ బోనస్ తిరిగి కట్టమనే షరతు కూడా చాలా ఆఫర్లలో ఉంటుంది. ఆఫీసు ఊరికి ఆ చివర పడి ఇల్లు మారితే, బెంగళూరులో అడ్వాన్స్ చాలాచోట్ల అయిదారు నెలల అద్దె, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అందులో కొంత కోత. మీ తోడల్లుడు ఇవన్నీ చెప్పి ఉండరు. మీరూ అడిగి ఉండరు, పెళ్లిళ్లలో అడిగే ప్రశ్నలు కావు కదా.

మారవద్దని నేను అనడం లేదు. కొత్త ఆఫర్‌లో జాయినింగ్ బోనస్ తీసేసి, వేరియబుల్‌లో సగమే వస్తుందనుకొని, నెలకు చేతికి ఎంతో హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగమనండి. ఆ మొత్తాన్ని కొత్త ఆఫీసు దగ్గరి అద్దె, ప్రయాణం కలిపి వేసిన బుట్టతో పోల్చమనండి. ఇవన్నీ పోయినా అయిదారు శాతం నిజంగా మిగిలితే మారమనండి. ఒకటి రెండు శాతమే అయితే, ఉన్నచోటే పని నేర్చుకుంటూ ఇంకో ఏడాది ఉండడం వాడికి నష్టం కాదు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఎంత మిగిల్చావని మాత్రం అడగకండి. రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని ఇద్దరూ కలిసి లెక్క వేయండి. భాగహారం మీరు చేయండి.